నాన్న అనని మాట

నేను పనిచేసే గదికి కిటికీ లేదు. బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో ఒక చీరల షాపు పైన, రెండో అంతస్తులో, మెట్లెక్కి వెళ్తే కుడివైపు చివరి గది. అక్కడ మూడేళ్ళుగా నా పని ఒకటే. చిన్న చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్ళ కథలు వాళ్ళ పేరు మీద ఇంగ్లీషులో, ఈ దేశపు భాష మలయ్‌లో రాయడం. వాటిని వాళ్ళు తమ పేజీల్లో పెట్టుకుంటారు. "నేను" అని మొదలయ్యే ప్రతి వాక్యమూ నేనే రాస్తాను, కానీ అందులో "నేను" నేను కాదు.

నా బల్లకు ఎదురుగా గోడ మీద మా బాస్ నాలుగు పసుపు కాగితాలు అంటించాడు. సమస్య. పాట్లు. మలుపు. పాఠం. వారానికి ఆరు పోస్టులు, ఆరూ ఆ వరుసలోనే ఉండాలి. వరుసలో తప్పేమీ లేదు. ఫోన్‌లో పోస్టు కనిపించేది మొదటి రెండు మూడు లైన్లే, మిగతాది చదవాలంటే వేలు పెట్టి తెరవాలి. కాబట్టి సమస్య ఆ రెండు లైన్లలోనే కళ్ళకు కట్టాలి. తర్వాత ఆ మనిషి చేసి చూసి విఫలమైన పనులు రెండు మూడైనా ఉండాలి, ఒక్కసారి ప్రయత్నించి గెలిచినవాడి కథ ఎవరూ నమ్మరు. ఆ తర్వాత మలుపు. చివర చదివినవాళ్ళు తమ షాపుకు పట్టుకెళ్ళి వాడుకోగల సంగతి ఒక్కటి. ఇదంతా నాకు బాగా వచ్చు. రానిది మలుపే.

ఎవరినడిగినా మలుపు దొరకదు. "ఎప్పుడు మారింది సార్?" అంటే "అలా అలా మారిపోయింది లా" అంటారు, ఇక్కడ అందరూ మాట చివర తగిలించే ఆ "లా"తోనే. అరగంట ఫోన్‌లో అంతకు మించి రాదు. సాయంత్రానికి పోస్టు వెళ్ళిపోవాలి.

ఎయిర్‌కాన్ల, అంటే ఏసీల, సర్వీసు చేసే ఒకాయన వచ్చింది అలాంటి వారంలోనే. క్లాంగ్‌లో షాపు, రెండు వ్యాన్లు, అయిదుగురు పనివాళ్ళు. నా కంటే అయిదారేళ్ళు పెద్ద. ఫోన్‌లో మాట్లాడుతుంటే యాస పట్టేశాను. "మీది బాగన్ దాతుక్ వైపా అన్నా?" అన్నాను. ఆయన గొంతు మారిపోయింది. "ఔను సెల్లీ. మా నాయిన కొబ్బరి తోటలో పని సేసినాడు. నీది కూడానేటి?" మాదీ అక్కడే. మా తాత వాళ్ళ తోట, ఆయన వాళ్ళ తోట పక్కపక్కనే. అప్పటినుంచి మేం తెలుగులోనే మాట్లాడుకున్నాం. నా తెలుగు ఆదివారం బళ్ళో దిద్దుకున్నది, ఆయనది ఇంట్లో వచ్చింది.

సమస్య బాగానే చెప్పాడు. సర్వీసు చేసి వచ్చిన ఇంటినుంచే వారం తిరక్కుండా మళ్ళీ ఫోను. నీళ్ళు కారుతున్నాయి, గోడ తడిసింది, పరుపు తడిసింది. రెండేళ్ళు అదే గోల. పాట్లూ చెప్పాడు. కడిగే మందు మార్చాడు. ఇద్దరు పనివాళ్ళను పంపేశాడు. ఆదివారాలు కూడా తనే నిచ్చెనెక్కాడు.

"మరి ఎలా ఆగింది అన్నా?"

"ఏటో, మెల్లగా సర్దుకున్నాది. మా అక్క షాపులో ఫోన్లెత్తుతాది. ఆవిడ ఏదో పుస్తకం రాసింది. ఆ తరవాత బాగైపోయింది లా." అంతలోనే ఎవరో పిలిచారు. "ఆ రోజుల్లోనే నాయిన పోయినాడు," అని చెప్పి ఫోను పెట్టేశాడు.

పుస్తకం గురించి నేను మళ్ళీ అడగలేదు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అడగడానికి ఒక ఫోను చాలు. కానీ గోడ మీద మూడో కాగితం కింద నాకు కావలసింది అప్పటికే దొరికిందనుకున్నాను. నాయిన పోయినాడు.

రాసేశాను. ఆస్పత్రి మంచం, తండ్రి చెయ్యి కొడుకు చేతిలో. వ్యాపారం మానేస్తానని కొడుకు అంటాడు. కొబ్బరి తోటల్లో కాలవలు తీసిన ఆ ముసలాయన కళ్ళు తెరిచి, "నీళ్ళతో గొడవ పడకురా, వాటికి దారి చూపించు" అంటాడు. మర్నాడు కొడుకు లేచి షాపుకు వెళ్తాడు. చివర, ఎన్ని కష్టాలొచ్చినా వదలకండి. రాస్తున్నప్పుడు నా కళ్ళే చెమ్మగిల్లాయి. మా తాత కూడా ఆ కాలవల్లోనే పనిచేశాడు. ఆ మాట ఆయన అని ఉంటే బాగుండేదని నాకెప్పుడో ఉన్న కోరిక కావచ్చు.

ఆయనకు పంపాను. గంట తర్వాత ఫోను చేశాడు. "బాగున్నాది సెల్లీ," అన్నాడు. "పెట్టేయ్."

నేను రాసిన వాటన్నిటిలో ఎక్కువమంది చదివింది అదే. వేరే ఊళ్ళనుంచి, సింగపూర్ నుంచి కూడా మనుషులు దాన్ని తమ పేజీల్లో పెట్టుకున్నారు. మా బాస్ దాన్ని మా కంపెనీ వెబ్‌సైట్‌లో నమూనాగా పెట్టి, నా బల్ల దగ్గరికొచ్చి, "ఇక నుంచి ఇలాంటి మలుపే కావాలి, ప్రతిసారీ," అన్నాడు. మేం ఇంగ్లీషులో మాట్లాడుకుంటాం. ఆయన నా కంటే చిన్నవాడు, చెడ్డవాడు కాదు. కానీ ఆ రోజునుంచి నాకు ఊపిరాడటం మానేసింది. కేకుల షాపు ఆవిడకు ఒక అమ్మమ్మను, టైర్ల షాపాయనకు ఒక పాత మేష్టారిని పుట్టించాను. వాళ్ళూ కాదనలేదు. నలభై మూడేళ్ళకు అంతకు ముందే రెండు ఉద్యోగాలు వదిలి వచ్చినదాన్ని. ఇది కూడా వదిలేస్తే ఎక్కడికి వెళ్ళాలో తెలియదు.

కొన్ని నెలలకు ఒక తెలుగు సంఘం వాళ్ళు ఆ ఎయిర్‌కాన్ ఆయన్ని మాట్లాడమని పిలిచారు. ఊళ్ళో చిన్న వ్యాపారాలు చేసేవాళ్ళకోసం శనివారం మధ్యాహ్నం పెట్టిన సభ. వీడియో తీసుకురమ్మని మా బాస్ నన్ను పంపాడు.

హాలు నిండా యాభై అరవైమంది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాగితం చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. సమస్య చెప్పాడు, జనం నవ్వారు. మందు మార్చడం, మనుషుల్ని మార్చడం చెప్పాడు, తలలూపారు. "అప్పుడు మా నాయిన ఆస్పత్రిలో..." అన్నాడు. అని ఆగిపోయాడు. ఆయన చూపు రెండో వరసలోకి వెళ్ళింది. అక్కడ తెల్ల జుట్టు ముడి వేసుకున్న ఒకావిడ ఒళ్ళో సంచీ పెట్టుకుని, తల వంచుకుని కూర్చుంది. ఆయన నోరు తెరిచాడు, మూశాడు. ఎవరో నీళ్ళందించారు. తండ్రిని తలుచుకుని ఏడుపొచ్చిందనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే ఆయన ఆ మాట అనేశాడు. నీళ్ళతో గొడవ పడకురా. నేను రాసినది రాసినట్టు. నా ఫోన్ తెరమీద ఆయన ముఖం చూస్తూ, ఆ మనిషిని ఒక గదిలో పెట్టి బయట గడియ వేసింది నేనేనని నాకు తెలిసింది.

సభ అయ్యాక టీల దగ్గర ఆవిడే నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"ఆ కత రాసినది నువ్వేనా?"

"ఔనక్కా."

"నాను ఆడి అక్కని." ఆవిడ గొంతు పెంచలేదు. "నాయినకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. పోయేనాటికి రెండేళ్ళయింది ఒక్క ముక్క మాటాడి. నానే సూసుకున్నాను ఇంట్లో. ఆస్పత్రి మంచం ఎక్కడిది? ఎవులు సెప్పినారు నీకు?"

"ఎవరూ చెప్పలేదక్కా. నేనే రాశాను."

"అమ్మ ఉన్నాది ఇంకా. ఎవులో ఆవిడకి సదివి వినిపించినారు. రోజూ నన్నడుగుతాది, నీతో కాకుండా ఆడితో మాటాడినాడా మీ నాయిన, నాతో ఒక్క మాటా ఆడకుండా పోయినాడే, అని. నానేటి సెప్పను?"

అప్పటికి ఆయన మా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. అక్క వైపు చూడలేకపోతున్నాడు. "అబద్ధమని నాకు తెల్సు సెల్లీ," అన్నాడు నాతో. "సదివినప్పుడే తెల్సు. కానీ నాయిన అలా అని ఉంటే బాగున్ననిపించినాది. ఒక్కపాలి పెట్టుకుంటే ఏటౌతాదిలే అనుకున్నాను. ఇప్పుడు ఎక్కడికెల్లినా అదే సెప్పమంటన్నారు. సెప్పీ సెప్పీ, నాయిన ముకం గుర్తు తెచ్చుకుంటే ఆ మంచమే వస్తన్నాది. నిజం ముకం రావట్లేదు."

అక్క అప్పుడు తమ్ముడి భుజం మీద చెయ్యి వేసింది. ముగ్గురం కుర్చీలు లాక్కుని కూర్చున్నాం. నేను ఎప్పుడో అడగవలసినది అప్పుడడిగాను. "అక్కా, ఆ పుస్తకం ఏంటి?"

చెప్పింది. ఫోన్లన్నీ తనే ఎత్తేది కాబట్టి తిట్లన్నీ తనే తినేది. ఒక రోజు తిట్లు వినడం మానేసి రాయడం మొదలుపెట్టింది. పిల్లల నోటు పుస్తకంలో మూడు గళ్ళు గీసింది. ఎవరు చేశారు ఫోను, సర్వీసుకు వెళ్ళిన పనివాడు ఎవడు, ఏమంటున్నారు. మూడు వారాలు రాశాక ఒక పొద్దున కూర్చుని చదివింది. దాదాపు అందరూ అంటున్నది ఒకటే, కడిగి వెళ్ళాకే కారడం మొదలైందని. రెండో గడిలో మాత్రం ఒకే పేరు లేదు. అయిదుగురూ ఉన్నారు. తమ్ముడు వెళ్ళిన ఇళ్ళు కూడా ఉన్నాయి.

"అప్పుడు సెప్పినాను ఆడికి, మనుసులది కాదురా తప్పు, అందరూ ఒకే పని సెయ్యకుండా వొచ్చేస్తన్నారు, అదేటో సూడు అని."

ఆయన అందుకున్నాడు. కడిగినప్పుడు లోపలి మురికి వదులై నీళ్ళు పోయే పైపులోకి జారి అక్కడ అడ్డుపడుతోంది. ఎయిర్‌కాన్ తళతళలాడుతోంది, చల్లగాలి వస్తోంది, పనివాడు సామాను సర్దుకుని వెళ్ళిపోతున్నాడు. రెండు రోజులకు లోపల నీళ్ళు పట్టే ట్రే నిండి గోడమీదికి కారుతోంది. ఆ రోజునుంచి ఒకటే నియమం పెట్టారు. కదిలే ముందు ట్రేలో ఒక సీసా నీళ్ళు పొయ్యాలి. బయట పైపులోంచి అవి ధారగా రావడం చూడాలి, ఫోన్‌లో తీసి ఇంటివాళ్ళకు పంపాలి. రాకపోతే పైపు ఊదించి మళ్ళీ పొయ్యాలి. నెల తిరిగేసరికి ఫోన్లు తగ్గిపోయాయి.

నేను బిక్కముఖం వేసుకుని వింటున్నాను. మలుపు ఇంత స్పష్టంగా, ఒక నోటు పుస్తకంలో, మూడు గళ్ళలో ఉంది. నేను దాన్ని దాటేసి, మాట పడిపోయిన మనిషి నోట్లో మాట పెట్టాను.

సోమవారం ఆయన మా ఆఫీసుకొచ్చాడు. ఆ పోస్టు తీసెయ్యమన్నాడు, లేదంటే క్షమాపణైనా పెట్టమన్నాడు. మా బాస్ ఒప్పుకోలేదు. తీసేస్తే అడుగుతారు, ఎందుకు తీశారని రచ్చ అవుతుంది, కొన్నాళ్ళు ఊరుకుంటే జనమే మరిచిపోతారు అన్నాడు. ఆయన వెళ్ళాక నాతో, "మలుపులో కన్నీళ్ళు ఉండాలి. నోటు పుస్తకం ఎవరు చదువుతారు?" అన్నాడు.

మూడేళ్ళలో మొదటిసారి ఎదురు చెప్పాను. "నాన్న మాట తీసేసి చదవండి. 'వదలకండి' అన్న పాఠం అలాగే నిలబడుతుంది. అంటే ఆ పాఠం ఆ మలుపులోంచి రాలేదన్నమాట. పుస్తకం తీసేసి చూడండి, పాఠం పడిపోతుంది. మలుపంటే ఏడుపు కాదు, అప్పటిదాకా కనపడనిది కనపడటం. పనివాళ్ళది తప్పు అనుకున్నవాడికి తప్పు ఎక్కడుందో కనపడింది. చదివినవాడు రేపు పొద్దున చెయ్యగలిగింది అందులోనే ఉంది. మీ దగ్గరికి తిరిగొచ్చే ఫిర్యాదులు మూడు వారాలు రాయండి, ఎవరిమీదా కోపం తెచ్చుకోకముందు చదవండి."

ఆయన గోడ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "అయితే క్షమాపణ, ఈ పుస్తకం కథ, రెండూ ఒకే పోస్టులో పెట్టకు. ఒక పోస్టుకు ఒకటే సంగతి. కలిపితే రెండూ పోతాయి," అన్నాడు. ఆ మాట నిజమే. వెబ్‌సైట్‌లోంచి నమూనా తీసేస్తానని కూడా అన్నాడు. గొంతులో కోపం దాచుకోలేదు.

పాత పోస్టు పైన మూడు లైన్లు చేర్చాం. ఇందులో మా నాన్న అన్నట్టు ఉన్న మాట ఆయన అనలేదు, ఆయనకు అప్పటికి మాట లేదు, ఇలా పెట్టుకున్నది నా తప్పు అని. రాసినది నేను కాబట్టి నా తప్పని కూడా రాయమన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "పేరు నాది సెల్లీ. పెట్టేయ్ అన్నది నానే," అన్నాడు.

కొందరు తిట్టారు. తండ్రి పేరుతో వ్యాపారం చేసుకున్నావన్నారు. మరో సభకు పిలిచినవాళ్ళు వద్దన్నారు. ఆయన ఆ వారమంతా నాతో మాట్లాడలేదు. నేను ప్రతి తిట్టూ చదివాను. అవి నన్ను వెతుక్కుంటూ వచ్చి ఆయన తలుపు కొడుతున్నాయనిపించింది.

పది రోజుల తర్వాత రెండో పోస్టు పెట్టాం. "కడిగి వచ్చిన ఇంటినుంచే ఫోను. గోడ తడిసింది, పరుపు తడిసింది, మా అక్క తిట్లు తింటోంది" అని మొదలుపెట్టాను. మందు మార్చడం, పంపేసిన ఇద్దరు పనివాళ్ళు, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉందని ఆయనే చెప్పిన మాట. తర్వాత అక్క పుస్తకం, ఆ మూడు గళ్ళ ఫొటో, పేర్లు కనపడకుండా మూసి. చివర సీసా నీళ్ళు. మొదటి దాంట్లో పదో వంతు మంది కూడా చదవలేదు. కానీ కింద వచ్చిన మాటలు వేరు. పెళ్ళిళ్ళకు వంట చేసే ఒకావిడ, మీరు ఎన్ని వారాలు రాశారు, రెండు వారాలు సరిపోతాయా అని అడిగింది. వాటర్ ఫిల్టర్లు బిగించే ఒకాయన, మూడో గడి ఇంటివాళ్ళ మాటల్లోనే రాయాలా, మన మాటల్లోనా అన్నాడు. అక్కనడిగి జవాబిచ్చాను. "ఆళ్ళ మాటే రాయాల. మన మాట రాస్తే మనకి కావలసిందే కనిపిస్తాది," అంది.

పంపేసిన ఇద్దరిలో ఒకడికి ఆయన ఫోను చేసి మాట్లాడాడు. రెండోవాడు ఎత్తలేదు.

నాకు మాత్రం విముక్తేమీ దొరకలేదు. మా బాస్ రెండు నెలలు నన్ను కథల్లోంచి తప్పించి షాంపూ సీసాల వెనక రాసే వివరాలకు పెట్టాడు. తర్వాత మళ్ళీ కథలు ఇచ్చాడు. వారానికి ఆరే. కేకుల షాపు ఆవిడకూ, టైర్ల షాపాయనకూ ఫోను చేసి నేను పుట్టించిన మనుషుల గురించి చెప్పాను. ఆవిడ పోస్టు మార్చుకుంది. ఆయన నవ్వి, ఉండనీ, ఆ మేష్టారు నాకు నచ్చాడు అన్నాడు. అది ఇంకా అలాగే ఉంది. దాని గురించి ఆలోచించినప్పుడల్లా ఆ గదిలో గాలి తక్కువవుతుంది.

ఒక ఆదివారం క్లాంగ్‌లో వాళ్ళ ఇంటికి వెళ్ళాను. అక్కకు ఇంగ్లీషు అంతగా రాదు, పోస్టు తెలుగులో చదివి వినిపించమంది. వాళ్ళ అమ్మ పక్కనే మంచం మీద కూర్చుని వింది. మొదట ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని, ఆ మాట మీ ఆయన అనలేదు మామ్మా, నేను రాశాను అని చెప్పాను. ఆవిడ నా వైపు తిరిగింది. "మరి నాతోనే కాదు, ఆడితోనూ ఆడనేదు కదా," అంది. ఆడలేదన్నాను. ఆవిడ పమిట చెంగుతో కళ్ళొత్తుకుంది.

చదవడం అయ్యాక అక్క, "ఇందులో నాయిన నేడేటి?" అంది.

"లేడక్కా. ఆయనకు దీనితో పని లేదు కదా."

"అంతేలే." తనే చెప్పింది. మాట పోయాక నాయినకు ఎడమ చెయ్యి ఒక్కటే ఆడేదట. సాయంత్రం తను షాపునుంచి వచ్చి మంచం పక్కన కూర్చుంటే, ఆ చేత్తో తన జుట్టులో కొబ్బరి పీచు వెతికేవాడట. ఎప్పుడో చిన్నప్పుడు తోటలోంచి వచ్చినప్పుడు ఏరినట్టు. లేని పీచును ఒక్కొక్కటే తీసి దిండు పక్కన పెట్టేవాడట.

"ఇది రాస్తావేటి నువ్వు?" అంది.

రాయనక్కా, అన్నాను. తమ్ముడు వంటింట్లోంచి కాఫీ తెచ్చి అందరికీ ఇచ్చాడు. మామ్మ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ఆయనకు పీచంటే భలే చిరాకు, అంది.